గోదావరి ఎక్స్‌ప్రెస్, ఒకటో నంబరు ప్లాట్‌ఫారం

"నిన్న వచ్చిన రాము తమ్ముడు" అని ఎక్కడో రాసి ఉందనుకోండి. నిన్న వచ్చింది ఎవరు? రామూనా, వాడి తమ్ముడా? కాగితం ఎంతసేపు చూసినా తేలదు. అదే మాట ఎదురుగా కూర్చున్న మనిషి అంటే మాత్రం మనకు అనుమానమే రాదు. "నిన్న వచ్చిన" దగ్గర గొంతు కాస్త ఆగి "రాము తమ్ముడు" ఒక్క ఊపున వచ్చిందంటే వచ్చినవాడు తమ్ముడు. "నిన్న వచ్చిన రాము" దాకా ఒక్క ఊపున వచ్చి అక్కడ ఆగిందంటే వచ్చినవాడు రాము, మనం మాట్లాడుకుంటున్నది వాడి తమ్ముడి గురించి. రెండు అర్థాలకీ అక్షరాలు ఒకటే. తేడా అంతా ఆ ఆగడంలో ఉంది, రాసేటప్పుడు ఆ ఆగడం రాలిపోయింది.

మనుషులం చదివేటప్పుడు ఇలా రాలిపోయినవాటిని ఏరుకుంటూ పోతాం. ముందు పేజీలో రాము ఊళ్ళోనే ఉన్నాడని చదివి ఉంటాం కాబట్టి వచ్చింది తమ్ముడే అనుకుంటాం. 104 అని ఉంటే పక్కన జ్వరం మాట ఉందా, ఫోను మాట ఉందా చూసి, ఒకచోట నూట నాలుగు డిగ్రీలు అని, ఇంకోచోట వన్ జీరో ఫోర్ అని చదువుతాం. అక్షరాలను మాటగా మార్చే కంప్యూటరు ప్రోగ్రాముకు ఈ సందర్భజ్ఞానం తక్కువ. దాన్ని ఇక్కడ మర గొంతు అందాం. అది ఊహిస్తుంది, చాలాసార్లు బాగానే ఊహిస్తుంది, కొన్నిసార్లు తప్పుతుంది. తప్పేచోట, రాసేవాడికి తెలిసి కాగితం మీద లేని సంగతిని గుర్తుగా పెట్టి చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. దాని పేరు స్పీచ్ సింథసిస్ మార్కప్ లాంగ్వేజ్. పొట్టిగా ఎస్‌ఎస్‌ఎంఎల్.

మార్కప్ అన్న మాట కొత్తదే కానీ పని మనకు కొత్తది కాదు. స్వరంతో అచ్చువేసిన వేదపాఠం పుస్తకం తెరిస్తే కొన్ని అక్షరాల కింద అడ్డగీత, కొన్నిటి నెత్తిన నిలువుగీత కనిపిస్తాయి. అడ్డగీత అనుదాత్తం, అక్కడ గొంతు దిగాలి. నిలువుగీత స్వరితం. గీత లేనిది చాలాచోట్ల ఉదాత్తం. పాఠం చెప్పేవారు ఆ గీతలను చదవరు, గీత చెప్పినట్టు గొంతు నడుపుతారు. ఎస్‌ఎస్‌ఎంఎల్ ట్యాగు కూడా అంతే. కోణపు బ్రాకెట్ల మధ్య రాసినది మర గొంతు పలకకూడదు, దాని ప్రకారం పలకాలి.

ఈ గుర్తులు అందరికీ ఒకేలా ఉండాలని ప్రపంచ వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యు3సి 2004 సెప్టెంబరులో 1.0 రూపం ఖాయం చేసింది. అది ఎక్కువగా యూరప్ భాషల తీరునే దృష్టిలో పెట్టుకుందని తరవాత గుర్తించి, మిగతా భాషల అవసరాలు తెలుసుకోవడానికి మూడు సమావేశాలు పెట్టారు. మొదటిది 2005లో బీజింగ్‌లో, రెండోది 2006లో గ్రీసు దేశపు క్రీట్ దీవిలో, మూడోది 2007 జనవరిలో మన హైదరాబాద్‌లో. వాటి ఫలితంగా 2010లో 1.1 రూపం వచ్చింది. పదాల మధ్య ఖాళీ వదలని చైనీస్, జపనీస్ లాంటి భాషల కోసం పదం హద్దు చూపే ట్యాగు అందులో చేరింది. తెలుగుకు ఉన్న చిక్కు దానికి ఎదురు: మనం రెండు మూడు ముక్కలను ఒకే పదంగా అతికించేస్తాం. ఆ అతుకు ఎంత ఇబ్బంది పెడుతుందో కాసేపట్లో చూద్దాం.

ట్యాగులన్నిటినీ వరసగా చెప్పుకుపోతే ఏదీ గుర్తుండదు. ఒకే ఒక ప్రకటన తీసుకుని, దాన్ని మర గొంతు చేత సరిగ్గా చెప్పించే ప్రయత్నం చేద్దాం. రాజమండ్రి స్టేషను. విశాఖపట్నం నుంచి హైదరాబాద్ వెళ్ళే గోదావరి ఎక్స్‌ప్రెస్. బండి నంబరు 12727. వేళ, ప్లాట్‌ఫారం మాత్రం ఉదాహరణ కోసం నేను వేసుకున్నవి.

```
దయచేసి వినండి. 12727 విశాఖపట్నం-హైదరాబాద్ గోదావరి
ఎక్స్‌ప్రెస్ 20:45కి 1వ ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది.
```

కంటికి ఇందులో ఏ లోపమూ లేదు. చెవికి కనీసం నాలుగు ఉన్నాయి.

మొదటిది బండి నంబరు. అయిదంకెలు కలిసి కనిపిస్తే మర గొంతు వాటిని లెక్కగా తీసుకుని "పన్నెండు వేల ఏడు వందల ఇరవై ఏడు" అంటుంది. బండి నంబరు లెక్క కాదు, పేరు లాంటిది, అంకె అంకెగా చదవాలి. దానికి `say-as` అనే ట్యాగు ఉంది.

```xml
<say-as interpret-as="characters">12727</say-as>
```

దీన్ని లెక్కగా కాక ఒక్కొక్క అక్షరంగా చదవమని దీని భావం. ఇక్కడ ఒక సంగతి తెలిసి ఉండాలి. `say-as` అనే ట్యాగును ప్రమాణం ఇచ్చింది కానీ, దాని లోపల ఏ విలువలు రాయవచ్చో ప్రమాణం నిర్ణయించలేదు. 2005లో ఒక సూచనపత్రం మాత్రం విడిగా వచ్చింది. అందువల్ల అంకెలు విడివిడిగా చదవమనడానికి ఒక ఇంజను `digits` అంటే ఇంకొకటి `number_digit` అంటుంది. `characters` అన్నది పేరున్న ఇంజన్లలో చాలావాటిలో ఉంది కాబట్టి దాన్ని వాడాను. అయినా ఇంజనుకు ఆ విలువ తెలిసినంత మాత్రాన దాని తెలుగు గొంతుకూ తెలుసని అర్థం కాదు, విని చూసుకోవాల్సిందే.

రెండో లోపం ఊర్ల మధ్య ఉన్న చిన్న గీత. మనం దాన్ని చూసి "విశాఖపట్నం నుంచి హైదరాబాద్ వెళ్ళే" అని లోపల అనుకుంటాం. మర గొంతు దాన్ని వదిలేస్తుంది, లేదా ఆ గీత చోట చిన్న విరామం ఇస్తుంది. కాగితం మీద ఒకటి, నోటితో ఇంకొకటి కావలసిన ఇలాంటి చోట్లకు `sub` ట్యాగు పుట్టింది. లోపల రాసింది కంటికి, `alias`లో రాసింది నోటికి.

```xml
<sub alias="విశాఖపట్నం నుంచి హైదరాబాద్ వెళ్ళే">విశాఖపట్నం-హైదరాబాద్</sub>
```

మూడో లోపమే తెలుగుకు సొంతమైనది. "20:45కి" అన్నదాంట్లో చివరి "కి" చూడండి. `say-as` ట్యాగుతో 20:45ను వేళగా చదవమని చెబితే, "కి" ట్యాగు బయట ఉండిపోతుంది. మర గొంతు అంకెల పని పూర్తిచేసి, ఆ తరవాత విడిగా "కి" అంటుంది. అతికి ఉండాల్సిన విభక్తి ఊడి పక్కన పడ్డట్టు వినిపిస్తుంది. దీని వెనక ఇంకో చిక్కూ ఉంది. తెలుగులో అంకెకు విభక్తి తగిలితే అంకె రూపమే మారుతుంది. "7కి రా" అని రాస్తాం, "ఏడింటికి రా" అంటాం. "3 మంది" అని రాస్తాం, "ముగ్గురు" అంటాం. ఏ `say-as` విలువా ఈ "ఇంటి"ని తీసుకురాదు. ఇంగ్లీషులో అంకె ఎక్కడున్నా తన రూపం నిలుపుకుంటుంది, విభక్తి పని ముందు వచ్చే విడి మాట చేస్తుంది. ఆ భాషను చూసి కట్టిన ట్యాగు మన దగ్గర అతుకు దగ్గరే విడిపోతుంది. అందుకని నా పద్ధతి ఇది: తెలుగులో విభక్తి తగిలిన అంకె కనిపిస్తే `say-as` జోలికి వెళ్ళను. అంకెనూ విభక్తినీ కలిపి మొత్తం `sub`లో పెడతాను.

```xml
<sub alias="రాత్రి ఎనిమిదీ ముప్పావుకి">20:45కి</sub>
<sub alias="ఒకటో నంబరు">1వ</sub>
```

స్టేషన్లలో "ఇరవై గంటల నలభై ఐదు నిమిషములకు" అంటారు. బండి ఎక్కే పెద్దవాళ్ళకు "ఎనిమిదీ ముప్పావు" తొందరగా ఎక్కుతుందని నేను ఇలా రాశాను. `alias` రాయడమంటే ఎలా పలకాలో మాత్రమే కాదు, ఏ తెలుగులో పలకాలో కూడా మనమే తేల్చుకోవడం.

నాలుగో లోపం విరామాలు. దీనికి కాస్త ఎక్కువ చోటు కావాలి.

విరామం పెట్టే ట్యాగు `break`. దాన్ని రెండు రకాలుగా రాయవచ్చు. కాలం చెప్పవచ్చు: `time="300ms"` అంటే సెకనులో వెయ్యో వంతులు మూడు వందలు. లేదా బలం చెప్పవచ్చు: `none`, `x-weak`, `weak`, `medium`, `strong`, `x-strong`. కాలం రాయడమే సులువని అందరికీ మొదట అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ విరామం అంటే నిశ్శబ్దం ఒక్కటే కాదు. మనం మాట ఆపబోయే ముందు చివరి అక్షరాన్ని కొంచెం సాగదీస్తాం, గొంతు కొంచెం దించుతాం, లేదా ఇంకా చెప్పాల్సింది ఉందని తెలిసేలా కొంచెం ఎత్తి పడతాం. వినేవాడు నిశ్శబ్దం మొదలవకముందే ఆగబోతున్నారని పసిగడతాడు. సాగదీత లేకుండా ఉత్త నిశ్శబ్దం పెడితే ఫోను లైను తెగినట్టు ఉంటుంది. ప్రమాణం రాసినవాళ్ళకు ఇది తెలుసు. కాలమూ బలమూ రెండూ ఇస్తే, నిశ్శబ్దం ఎంతసేపో కాలం చూసి, గొంతులో మిగతా మార్పులు బలం చూసి చెయ్యాలని అందులో రాశారు. ప్రతి ఇంజనూ అంత శ్రద్ధగా పాటించదు. అందువల్ల కామాతో పని జరిగేచోట కామానే పెట్టడం మంచిది. మర గొంతు నేర్చుకున్న వాక్యాల్లో కామాలు వేలకు వేలు ఉన్నాయి, కామా దగ్గర గొంతు ఎలా సాగి దిగుతుందో దానికి తెలుసు. `break` ట్యాగులు దాని పాఠాల్లో లేవు.

మరీ చిన్న విరామం పెడితే ఇంకో ప్రమాదం ఉంది. "అటు" అనండి. తరవాత "అట్టు" అనండి. రెండింట్లోనూ "ట" దగ్గర నాలుక అంగిలికి తగిలి ఒక్క క్షణం గాలి ఆగిపోతుంది. ఆ క్షణంలో నోటినుంచి దాదాపు ఏ శబ్దమూ రాదు. "అటు"లో ఆ మూత సుమారు సెకనులో పదో వంతు ఉంటుంది, "అట్టు"లో దాదాపు రెట్టింపు. అంటే అటు పక్కో, పెనం మీది అట్టో మన చెవి తేల్చుకునేది ఆ నిశ్శబ్దం పొడవును బట్టే. ఇప్పుడు "ఐదు" తరవాత, "కి" ముందు ఎవరైనా `100ms` విరామం పెట్టారనుకోండి. చెవి దాన్ని విరామంగా తీసుకోదు. "క" మూతకు అది కలిసిపోయి "ఐదుక్కి" అన్నట్టు వినిపించవచ్చు. మాటల మధ్య విరామాల మీద లండన్‌లో పరిశోధన చేసిన ఫ్రీడా గోల్డ్‌మన్-ఐస్లర్, హల్లుల మూతలు లెక్కలోకి రాకుండా ఉండాలని, సెకనులో పావు వంతు, అంటే 250 మిల్లీసెకన్లు దాటిన నిశ్శబ్దాన్నే విరామంగా లెక్కపెట్టారు. ఒత్తక్షరాల మీద ఇంతగా ఆధారపడే తెలుగుకు ఆ గీత చక్కగా సరిపోతుంది. నేను 250కి తక్కువ విరామం ఎక్కడా రాయను. అంతకు తక్కువ కావలసిన చోట కామా పెడతాను, లేదా అక్కడ అసలు విరామమే అక్కర్లేదని ఒప్పుకుంటాను.

అక్కర్లేని చోట వచ్చే విరామాన్ని తీసెయ్యడం కూడా ఈ ట్యాగు పనే. "పి. వి. నరసింహారావు" అని రాస్తే రెండు చుక్కలనూ వాక్యాంతాలుగా తీసుకుని రెండుసార్లు ఆగిపోయే గొంతులు ఉన్నాయి. చుక్క తరవాత `<break strength="none"/>` పెట్టి ఆ ఆగడం మాన్పించవచ్చు. నిజానికి `sub`తో "పీవీ నరసింహారావు" అని చెప్పడం ఇంకా సులువు.

మన ప్రకటనలో "దయచేసి వినండి" తరవాత పెద్ద విరామం కావాలి. ప్లాట్‌ఫారం మీద జనం మాటలు ఆపి చెవి ఇటు తిప్పడానికి కొంత వేళ పడుతుంది. అక్కడ 700 మిల్లీసెకన్లు పెట్టాను. బండి నంబరులో మూడో అంకె తరవాత ఒక కామా, ఎందుకంటే అయిదంకెల గొలుసు కన్నా మూడూ రెండుగా విరిచినది బాగా గుర్తుంటుంది. దాని కోసం `say-as` తీసేసి "ఒకటి రెండు ఏడు, రెండు ఏడు" అని `alias` రాసుకోవాల్సి వచ్చింది. ఊరి పేర్ల మధ్య ఏ విరామమూ పెట్టలేదు. "విశాఖపట్నం నుంచి హైదరాబాద్ వెళ్ళే గోదావరి ఎక్స్‌ప్రెస్" అంతా ఒకే బండి పేరు, మధ్యలో విరిస్తే రాము తమ్ముడి గతే.

ఇక ఒత్తి పలకడం. ప్రయాణికుడికి అన్నిటికన్నా ముఖ్యం ప్లాట్‌ఫారం నంబరు. దాన్ని ఒత్తి చెప్పించాలి. `emphasis` అనే ట్యాగు ఉంది, దానికి `strong`, `moderate`, `none`, `reduced` అని నాలుగు స్థాయిలు ఉన్నాయి. పెట్టి వింటే చాలాచోట్ల ఏ తేడా ఉండదు. అమెజాన్ పాలీ న్యూరల్ గొంతుల్లో ఈ ట్యాగు పనిచెయ్యదని ఆ సంస్థ పత్రాల్లోనే ఉంది. మైక్రోసాఫ్ట్ అజ్యూర్‌లో కొన్ని ఇంగ్లీషు గొంతులకే అది పరిమితం. కారణం ఊహించవచ్చు. ఇప్పటి న్యూరల్ గొంతు వేల వాక్యాలు విని ఏ అక్షరం ఎంతసేపు, ఏ ఎత్తులో పలకాలో మొత్తంగా నేర్చుకుంటుంది. ఆ వాక్యాల్లో ఇదిగో ఈ పదం ఒత్తి పలికాను అని ఎవరూ గుర్తు పెట్టలేదు. నేర్చుకోని దాన్ని ట్యాగు పెట్టినంత మాత్రాన చెయ్యలేదు.

తెలుగులో దీనికి మరీ బెంగపడాల్సిన పని లేదని నా అభిప్రాయం. ఇంగ్లీషులో అక్షరాలు అలాగే ఉంచి గొంతుతో చేసే పనిని మనం ఎక్కువగా అక్షరాలతోనే చేస్తాం. "రాము నిన్న గోదావరిలో వచ్చాడు" అన్న వాక్యం తీసుకోండి. ఒత్తు రాము మీద కావాలంటే "రామే" అంటాం, రోజు మీద కావాలంటే "నిన్ననే", బండి మీద కావాలంటే "గోదావరిలోనే". ఇంకా గట్టిగా కావాలంటే వాక్యాన్నే తిప్పి "నిన్న గోదావరిలో వచ్చింది రామే" అంటాం. చివర ఏకారం, పదాల వరస, ఈ రెండూ మనకు కాగితం మీదే ఉన్న ఒత్తుగుర్తులు. మర గొంతుకు ఏ ట్యాగూ అక్కర్లేకుండానే అవి వినిపిస్తాయి.

పైగా అచ్చును సాగదీసి ఒత్తు తీసుకురావడం మనకు ఎప్పుడూ క్షేమం కాదు. హ్రస్వమూ దీర్ఘమూ మన దగ్గర వేరు వేరు మాటలు. "కల"లో మొదటి అచ్చు సాగితే "కాల" అవుతుంది, "పలక" సాగితే "పాలక" అవుతుంది. మనమూ "పెద్ద"ను "పేద్ద" అంటాం కానీ, పేద్ద అనే వేరే మాట లేదు కాబట్టి అది చెల్లింది. మర గొంతు అలా అనాలంటే వాక్యంలో "పేద్ద" అని రాసెయ్యడమే దారి.

అయినా గొంతులో కొంచెం మార్పు కావాలనిపిస్తే `prosody` ట్యాగు ఉంది. అది ఎత్తు, వేగం, బిగ్గరతనం మార్చగలదు.

```xml
<prosody pitch="+2st" rate="90%">ఒకటో నంబరు</prosody>
```

`st` అంటే సెమిటోన్, హార్మోనియం మీద ఒక మెట్టు నుంచి దాని పక్క మెట్టుకు ఉన్న దూరం. ఒక్కో మెట్టుకు కంపనాల సంఖ్య సుమారు ఆరు శాతం పెరుగుతుంది. సెకనుకు 200 కంపనాల దగ్గర మాట్లాడే ఆడ గొంతు రెండు మెట్లు ఎక్కితే 224 దాకా వెళుతుంది. 110 దగ్గర మాట్లాడే మగ గొంతు 123కు చేరుతుంది. చెవికి రెండూ సమానంగానే ఎక్కినట్టు ఉంటుంది. అదే నేరుగా 24 కంపనాలు పెంచమంటే ఆడ గొంతుకు అవే రెండు మెట్లు, మగ గొంతుకు దాదాపు మూడున్నర మెట్లు, కంగారుపడి చెబుతున్నట్టు ఉంటుంది. గొంతు మార్చే అవకాశం ఉన్నచోట మెట్లలోనే రాసుకోవాలి.

`rate="90%"` దగ్గర ఒక గుంట ఉంది. 1.1 ప్రమాణం ప్రకారం అది మామూలు వేగంలో పదింట తొమ్మిది వంతులు. కానీ కొన్ని ఇంజన్లు శాతాన్ని మార్పుగా చూస్తాయి. వాటికి తగ్గించమని చెప్పాలంటే `-10%` అనాలి. ఇంజను దేన్ని అర్థం చేసుకుందో గడియారమే చెబుతుంది. మామూలుగా పది సెకన్లు పట్టే పాఠాన్ని ఆ ట్యాగులో పెట్టి వింటే పదకొండు సెకన్లకు కాస్త పైన పట్టాలి. అయిదు సెకన్ల చిల్లరలో ముగిసిందంటే, 90 శాతం వేగం పెంచమన్నారని అది అనుకుంది.

ఉచ్చారణ సంగతి చివరికి ఉంచాను. తెలుగు రాసినట్టే చదువుతాం అంటారు, అది చాలావరకే నిజం. "చేప"లో చ వేరు, "చాప"లో చ వేరు. రెండోది పలికేటప్పుడు నాలుక పళ్ళ దగ్గరికి వస్తుంది. "చుక్క", "జున్ను", "జల్లెడ" అన్నీ ఆ పళ్ళ దగ్గరి శబ్దాలే, "చంద్రుడు" మాత్రం సంస్కృతం నుంచి వచ్చింది కాబట్టి కాదు. ఈ తేడా చూపడానికి ౘ, ౙ అని విడి అక్షరాలు ఉన్నాయి, బ్రౌన్ నిఘంటువులో అవి కనిపిస్తాయి, 2008లో యూనికోడ్‌లోనూ చేరాయి. రోజూ రాసే రాతలో మనం వాటిని వదిలేశాం. "బ్రహ్మ" అని రాసి "బ్రమ్హ" అంటాం, "జ్ఞానం" అని రాసి "గ్న్యానం" అంటాం. మర గొంతు తప్పు చ పలికితే సరిదిద్దడానికి `phoneme` ట్యాగు ఉంది, అందులో అంతర్జాతీయ ధ్వనిలిపిలో ఉచ్చారణ రాయవచ్చు.

```xml
<phoneme alphabet="ipa" ph="t͡saːpa">చాప</phoneme>
```

ఇది పనిచెయ్యాలంటే ఆ గొంతు దగ్గర ఆ ధ్వని ముందే ఉండాలి. గొంతును తయారుచేసినప్పుడు రెండు చకారాలనూ ఒకే ధ్వనిగా లెక్కవేసి ఉంటే ట్యాగు ఎంత సరిగ్గా రాసినా పాత శబ్దమే వస్తుంది. ట్యాగు ఉన్న శబ్దాల్లో ఒకదాన్ని ఎంచుకోగలదు, లేని శబ్దాన్ని పుట్టించలేదు. ఈ తేడా తెలియక నేను ధ్వనిలిపిలో చుక్కలూ కొమ్ములూ మారుస్తూ ఒక సాయంత్రమంతా పోగొట్టాను.

ఒకే మాట పదేపదే వస్తే ప్రతిసారీ ట్యాగు రాయకుండా ఉచ్చారణల పట్టీ విడి ఫైలులో పెట్టుకునే ఏర్పాటు కూడా ఉంది, దాని ప్రమాణం 2008లో వచ్చింది. రాజమండ్రి స్టేషనుకు రైల్వే సంకేతం RJY. పట్టీలో RJY అంటే రాజమండ్రి అని ఒక్కసారి రాస్తే చాలనుకుంటాం. తీరా పాఠంలో "RJYలో", "RJYకి", "RJYనుంచి" అని వస్తాయి. పట్టీ మాటను మొత్తంగా పోల్చి చూస్తుంది కాబట్టి విభక్తి తగిలినవి దానికి దొరకవు. మళ్ళీ ఆ అతుకే. ప్రతి విభక్తి రూపాన్నీ పట్టీలో విడిగా రాసుకోవాలి, లేదా పాఠంలోనే రాజమండ్రి అని రాయాలి.

ఇవన్నీ ఇంట్లో చేసి చూడటానికి డబ్బు పెట్టక్కర్లేదు. చూపులేనివారు వాడే ఎన్‌విడిఎ స్క్రీన్‌రీడర్‌తో పాటు వచ్చే ఈస్పీక్ ఎన్‌జి ఉచితం, దానికి తెలుగు వచ్చు. గొంతు సొంపుగా ఉండదు కానీ ట్యాగులు నేర్చుకోవడానికి చాలు.

```
espeak-ng -v te -m -f godavari.xml -w godavari.wav
```

`-m` అంటే ట్యాగులను గుర్తులుగా చూడమని. ఏ ఇంజనులోనైనా ఈ రకం మాట చెప్పడం మరిచిపోతే అది మన ట్యాగులను పాఠంగా తీసుకుని చదివేస్తుంది, గొంతు మధ్యలో "బ్రేక్ టైమ్" అని వినిపించిందంటే అదే జరిగింది. అసలేమీ వినిపించకుండా తప్పు సందేశం వస్తే రాతలో చూడాలి. ట్యాగు మూయడం మరిచిపోయి ఉంటాం, లేదా వర్డ్‌లో రాసి తెచ్చినందువల్ల కొటేషన్ గుర్తులు వంకర తిరిగి ఉంటాయి. ఎక్కువసార్లు దొరికే దొంగ మాత్రం `&` గుర్తు. "R&B గెస్ట్‌హౌస్" అని ఒక్కచోట ఉన్నా మొత్తం పాఠం ఆగిపోతుంది, దాన్ని `R&amp;B` అని రాయాలి.

వచ్చిన శబ్దం ఫైలును ఆడాసిటీలో తెరిస్తే అలలు కనిపిస్తాయి. విరామం చోట అల చదునుగా ఉంటుంది, దాన్ని మౌసుతో పట్టుకుంటే ఎంతసేపో కింద చూపిస్తుంది. నేను 700 అని రాసినచోట దాదాపు 700 కనిపిస్తే ట్యాగు చేరినట్టు. ట్యాగు తీసి, పెట్టి, రెండు ఫైళ్ళూ పక్కపక్కన చూస్తే ఏ ట్యాగు పనిచేస్తోందో, ఏది ఉత్తినే ఉందో వినకుండానే తెలుస్తుంది.

వినాల్సింది మాత్రం పాఠం చదవని మనిషి. రాసినవాడి చెవి తనకు తెలిసిందే వింటుంది. మా ఇంట్లో ఇద్దరికి కాగితం, పెన్ను ఇచ్చి, వంటింట్లో మిక్సీ వేసి, ప్రకటన ఒక్కసారి వినిపించాను. బండి నంబరు, వేళ, ప్లాట్‌ఫారం రాయమన్నాను. నంబరు ఇద్దరూ సరిగ్గా రాశారు, మూడూ రెండుగా విరిచినందుకు ఫలితం దక్కింది. వేళ కూడా సరిగ్గానే రాశారు. ప్లాట్‌ఫారం దగ్గర ఒకరు ఖాళీ వదిలారు, ఇంకొకరు ఎనిమిది అని రాశారు. ఎత్తు పెంచి, వేగం తగ్గించి నేను అంత జాగ్రత్త పెట్టింది అక్కడే. వేళ చెప్పిన వెంటనే ప్లాట్‌ఫారం చెప్పడంతో రెండు అంకెలూ కలిసిపోయాయి. ఎత్తు ఇంకో మెట్టు పెంచి చూశాను, లాభం లేకపోయింది. చివరికి ట్యాగు వదిలేసి వాక్యాన్నే రెండుగా విరిచాను.

```xml
<speak version="1.1"
  xmlns="http://www.w3.org/2001/10/synthesis"
  xml:lang="te-IN">
దయచేసి వినండి. <break time="700ms"/>
విశాఖపట్నం నుంచి హైదరాబాద్ వెళ్ళే గోదావరి ఎక్స్‌ప్రెస్,
బండి నంబరు ఒకటి రెండు ఏడు, రెండు ఏడు,
రాత్రి ఎనిమిదీ ముప్పావుకి వస్తుంది.
<break time="500ms"/>
బండి వచ్చేది ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదికి.
</speak>
```

మిక్సీ మళ్ళీ వేశాం. ఈసారి వేరే ఇద్దరిని కూర్చోబెట్టాను. ఇద్దరూ ఒకటి అని రాశారు. మొదట ఎనిమిది ట్యాగులతో మొదలైన పాఠంలో ఇప్పుడు మిగిలినవి ఆ రెండు విరామాలే.